డాలస్‌కి రాసిన ఒక ఈమెయిల్

"సర్, నమస్తే. ఔటర్ రింగ్ రోడ్డుకి పది నిమిషాల్లో హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్ వెంచర్. 200 గజాలు, ఈస్ట్ ఫేసింగ్. గజం 25 వేలు. ఈ నెలాఖరు వరకే ఈ రేటు. ఇవాళే 2 లక్షలు టోకెన్ వేస్తే ప్లాట్ మీ పేరు మీద బ్లాక్ చేస్తాం."

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, దుబాయ్‌లోనో ఉంటున్న మనవాళ్లకి ఇలాంటి మెయిల్ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. కింద మ్యాపు పిన్ను, పైనుంచి డ్రోన్‌తో తీసిన వీడియో, వెనకాల మంచి సంగీతం. ఇందులో అబద్ధం ఏదో చూపించమంటే మాత్రం కష్టం. చాలాసార్లు ప్రతి మాటా నిజమే అయి ఉంటుంది. అయినా డబ్బు పోతుంది.

హైదరాబాద్‌లో స్థలాలు, ఫ్లాట్లు కొనేవాళ్లకి కన్సల్టెంట్‌గా పనిచేయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో విదేశాల్లో ఉన్న కుటుంబాలే ఎక్కువ. వాళ్లతో నా పని అంతా ఉత్తరాల మీదే నడుస్తుంది. ఫోన్లో మాట్లాడింది కూడా మళ్లీ మెయిల్లో రాసి పంపుతాను, రేపు ఎవరేమన్నారో వెతుక్కునే పని ఉండదు కాబట్టి. ఈ ప్రసంగంలో అలాంటి ఒక ఉత్తరం గురించి చెబుతాను. డాలస్‌లో ఉంటున్న ఒక జంటకి రాసింది. ఆయనది నిజామాబాద్, ఆవిడది గుంటూరు. పేర్లు అక్కర్లేదు, ప్లాట్ నంబర్లు కూడా మార్చి చెబుతున్నాను.

ఇందాక చదివానే, అచ్చం అలాంటి మెయిల్ వాళ్లకి వచ్చింది. ప్లాట్ నంబరు 112. దాన్ని నాకు పంపించి, "అంకుల్, టోకెన్ వేయమంటారా? రెండు రోజులే టైముందట" అని అడిగారు.

నా జవాబులో మొదటి పేరా నా గురించే. నాకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో రాశాను. "ఈ పనికి నా ఫీజు మీరే ఇస్తారు. అమ్మేవాళ్ల దగ్గర కమిషన్ తీసుకోను. తీసుకునే పరిస్థితి వస్తే ఎంతో ముందే మీకు రాస్తాను. నా రెరా ఏజెంటు నంబరు ఇది. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితాలో వెతికి, పేరు, గడువు చూసుకోండి." రెరా చట్టం 2016లో వచ్చింది. దాని ప్రకారం రెరాలో నమోదైన ప్రాజెక్టులో అమ్మకాలకి మధ్యవర్తిగా ఉండేవాడు తానూ నమోదు చేయించుకోవాలి. ఆ నంబరు ఉన్నంత మాత్రాన మనిషి మంచివాడని అర్థం కాదు. నంబరే లేనివాడితో మాట మొదలుపెట్టక్కర్లేదు, అంతే. ఇంకో సంగతి, చాలామంది ఏజెంట్లు "మీ దగ్గర ఏమీ తీసుకోం సర్, ఫ్రీ సర్వీసు" అంటారు. వెంచర్ వాళ్లు ఇస్తారు కదా మరి. ఇవ్వడం తప్పేమీ కాదు, చెప్పకపోవడం తప్పు.

రెండో పేరాలో ప్లాట్ 112 సంగతి.

హెచ్‌ఎండీఏ అప్రూవల్ ఉందన్న మాట నిజమే. లేఅవుట్ పర్మిట్ నంబరు ఉంది, రెరా నంబరు ఉంది. పన్నెండెకరాల వెంచర్, 150 ప్లాట్లు. అయితే వచ్చింది డ్రాఫ్ట్ లేఅవుట్ అప్రూవల్, ఫైనల్ ఇంకా రాలేదు. ఈ తేడా విదేశాల్లో ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పరు. మ్యాపు చూసి అనుమతి ఇచ్చేటప్పుడు హెచ్‌ఎండీఏ ఒక షరతు పెడుతుంది. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు, నీళ్లు, పార్కు అన్నీ వెంచర్ యజమాని చెప్పినట్టు పూర్తి చేస్తాడన్న పూచీగా, ప్లాట్లలో 15 శాతం సంస్థకే మార్ట్‌గేజ్ చేయాలి. మిగతా 85 శాతం అమ్ముకోవచ్చు. పనులన్నీ అయ్యాక సంస్థ చూసి, ఫైనల్ లేఅవుట్ ఇచ్చి, మార్ట్‌గేజ్ విడుదల చేస్తుంది. అప్పటిదాకా ఆ 15 శాతం ప్లాట్లు అమ్మడానికి లేదు.

ఈ వెంచర్లో 98 నుంచి 120 దాకా ప్లాట్లు మార్ట్‌గేజ్‌లో ఉన్నాయి. 112 అందులోదే.

చూశారా, ఆ ఏజెంటు రాసిన దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అప్రూవ్డ్ వెంచరే, ఈస్ట్ ఫేసింగే, 200 గజాలే. మిగతా ప్లాట్లు అమ్ముడైపోయాయి, తాకట్టులో ఉన్నవి మిగిలాయి. హైదరాబాద్‌లో ఉన్నవాడు లేఅవుట్ కాపీ అడుగుతాడు. డాలస్‌లో ఉన్నవాడు డ్రోన్ వీడియో చూస్తాడు. టోకెన్ తీసుకుని, "రిజిస్ట్రేషన్ రెండు నెలల్లో సర్" అంటూ, ఫైనల్ వచ్చేదాకా నెట్టుకొస్తారు. ఫైనల్ ఏడాదికి రావచ్చు, నాలుగేళ్లకి రావచ్చు. వెంచర్ మధ్యలో ఆగిపోతే అసలు రాకపోవచ్చు.

మరి ఇది నేను రాశాను కాబట్టి వాళ్లు నమ్మాలా? అక్కర్లేదు. అదే పేరా చివర ఇలా రాశాను: "నేను చెప్పింది నిజమో కాదో రెండు చోట్ల చూడండి. ఒకటి, రెరా వెబ్‌సైట్‌లో ఈ ప్రాజెక్టు పేజీలో లేఅవుట్ ప్లాను, అనుమతి పత్రం ఉంటాయి. తాకట్టు పెట్టిన ప్లాట్ల నంబర్లు వాటిలో రాసి ఉన్నాయి. రెండు, ఈసీ." ఉత్తరం పొడుగునా ఇదే పద్ధతి పాటించాను. ఒక సంగతి చెప్పగానే, నన్ను అడగకుండా దాన్ని ఎలా సరిచూసుకోవాలో పక్క వాక్యంలో ఉంటుంది. సరిచూసుకునే దారి చెప్పలేని సంగతి అయితే, "ఇది నా అభిప్రాయం మాత్రమే" అని రాస్తాను.

ఈసీ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ అంటే, ఆ ఆస్తి మీద రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదైన లావాదేవీల చిట్టా. ఎవరు ఎవరికి అమ్మారు, ఎప్పుడు తాకట్టు పెట్టారు, విడిపించారు, కొడుక్కి గిఫ్టు ఇచ్చారు, ఇవన్నీ వరసగా ఉంటాయి. తెలంగాణలో 1983 నుంచి ఉన్నది ఆన్‌లైన్లో దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలి. ఆ జంటకి కూడా ఏజెంటు ఈసీ పంపాడు. శుభ్రంగా ఉంది, ఒక్క తాకట్టూ లేదు. ఎందుకు లేదంటే, అతను ప్లాట్ నంబరు ఒక్కటే పెట్టి తీశాడు. వెంచర్ వేయకముందు ఆ నేలకి ప్లాట్ నంబరు అనేదే లేదు కదా, సర్వే నంబరే ఉండేది. పాత అమ్మకాలు, తాకట్లు అన్నీ ఆ సర్వే నంబరు మీద ఉంటాయి. ప్లాట్ నంబరుతో వెతికితే అవేవీ బయటపడకపోవచ్చు.

అందుకని నేను రాసింది ఏమిటంటే, "మీ నాన్నగారు నిజామాబాద్‌లో మీసేవకి వెళ్లి, ఈ సర్వే నంబర్లు, ఈ గ్రామం పేరు పెట్టి ఈసీ తీయించాలి. ఒకసారి సర్వే నంబరుతో, ఇంకోసారి ప్లాట్ నంబరుతో. నేను తీసిన కాపీ జతచేస్తున్నాను కానీ, మీ నాన్నగారు తీసింది వచ్చాక రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి."

నిజామాబాద్ పెద్దాయన స్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. రెండు ఈసీలు తీయించి, పెన్సిల్‌తో గీతలు గీసి, ఫోటోలు తీసి కొడుక్కి పంపారు. సర్వే నంబరు ఈసీలో, తాకట్టు పుచ్చుకున్నవారి పేరు ఉండే చోట మెట్రోపాలిటన్ కమిషనర్, హెచ్‌ఎండీఏ అని ఉంది. పక్కన ప్లాట్ నంబర్లు. దాని చుట్టూ ఆయన సున్నా చుట్టారు. నాకు ఫోన్ చేసి, "నాయనా, నువ్వు రాసింది సరిగ్గానే ఉంది. ఇంకేమైనా చూడాలా?" అన్నారు. నా మాట మీద కాకుండా, తండ్రి చేతి పెన్సిల్ గీత మీద ఆ కుటుంబం 112ని వదిలేసింది.

ఈసీ చెప్పనివి కూడా ఉన్నాయి, ఉత్తరంలో అవీ రాయాలి. కోర్టులో నడుస్తున్న కేసు అందులో ఉండకపోవచ్చు. రిజిస్టర్ కాని అగ్రిమెంటు కనిపించదు. అన్నదమ్ముల్లో ఒకడు సంతకం పెట్టకుండా మిగతావాళ్లు అమ్మేస్తే, ఆ మిగిలిపోయిన వారసుడి హక్కు ఈసీలో దొరకదు. అందుకే లింక్ డాక్యుమెంట్లన్నీ, అంటే పట్టాదారు నుంచి వెంచర్ యజమాని దాకా చేతులు మారిన ప్రతి దస్తావేజూ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీలు తీసి, మీరు ఎంచుకున్న లాయరుకి ఇమ్మన్నాను. నాకు తెలిసిన లాయరు పేరు ఇవ్వలేదు. కన్సల్టెంటూ లాయరూ ఒకరికొకరు పని ఇచ్చుకునేవాళ్లయితే, రెండో అభిప్రాయం అనేది ఉండదు. ఇంకో జాబితా కూడా ఉంది. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, చెరువు శిఖాలు లాంటివి రిజిస్టర్ చేయకూడదని పెట్టిన నిషేధిత జాబితా. వాడుకలో 22ఎ అంటాం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొడితే తెలిసిపోతుంది.

ఆ జంట అదే వెంచర్లో తాకట్టు లేని 61వ నంబరు ప్లాట్ మీద మనసు పడ్డారు. ముందే కొన్న ఒకాయన దాన్ని తిరిగి అమ్ముతున్నాడు. సరే, స్థలం చూపించాలి.

స్థలం చూపించడమంటే వీడియో పంపడం అనుకుంటారు. ఎడిట్ చేసిన వీడియోలో కోతలు ఉంటాయి. ఒక వెంచర్ గేటు చూపించి, పక్క వెంచర్ పార్కు చూపించినా తెలియదు. నేను వాళ్లకి రాత్రి ఎనిమిదిన్నర అయ్యేలా, అంటే మనకి పొద్దున ఏడింటికి, లైవ్ వీడియో కాల్ పెట్టాను. మెయిన్ రోడ్డు మీద ఉన్న కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెట్టి, ఫోన్ దించకుండా ప్లాట్ దాకా నడిచాను. నా ఫోన్ లొకేషన్ వాళ్లకి షేర్ అవుతూనే ఉంది. లేఅవుట్ ప్లాను వాళ్ల చేతిలో ఉంది. "కుడివైపు 40 అడుగుల రోడ్డు రావాలి, వచ్చిందా? మూల ప్లాట్ 58, నంబరు రాయి కనబడుతోందా?" అని వాళ్లే అడుగుతున్నారు, నేను కెమెరా తిప్పుతున్నాను. హద్దు రాయి దగ్గర టేపు పట్టాం. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు. ప్లాను ప్రకారం ముందు 36 అడుగులు, లోపలికి 50 అడుగులు ఉండాలి. లోపలికి 50 సరిపోయింది. ముందువైపు 35 అడుగుల చిల్లర వచ్చింది. పక్క ప్లాట్ వాళ్లు కాంపౌండ్ గోడ కట్టేటప్పుడు కాస్త ఇటు జరిగారు.

అరడుగే కదా అంటారేమో. యాభై అడుగుల పొడవున అరడుగు అంటే 25 చదరపు అడుగులు, మూడు గజాలకి కొంచెం తక్కువ. గజం 25 వేల లెక్కన 70 వేల రూపాయలకి దగ్గర. డబ్బు సంగతి అలా ఉంచండి, రేపు ఇల్లు కట్టేటప్పుడు ప్లానుకీ నేలకీ పొంతన లేకపోతే గొడవ. కాల్ అవ్వగానే ఈ కొలత మెయిల్లో రాశాను, టేపు ఫోటోతో సహా. అమ్మే ఆయన పక్కాయనతో మాట్లాడి, సర్వేయరుతో కొలిపించి, వాస్తవంగా ఉన్న విస్తీర్ణానికే రేటు కట్టడానికి ఒప్పుకున్నాడు. తర్వాత గోడ వైపు కూడా సర్దుబాటు చేసుకుని, పూర్తి 200 గజాలు అప్పగించారు.

అదే మెయిల్లో "మీకు నచ్చకపోవచ్చు" అని ఒక పేరా పెట్టాను. వెంచర్ వెనకవైపు నుంచి హెచ్‌టీ లైను పోతోంది, ఈ ప్లాట్‌కి దూరమే కానీ సాయంత్రం నడకకి వెళ్తే కనబడుతుంది. మంచినీళ్ల పైపు ఇంకా రాలేదు, అందరూ బోరు మీదే ఉన్నారు. దగ్గర్లో చెరువు ఉంది. చెరువు అనగానే ఇప్పుడు అందరికీ హైడ్రా గుర్తొస్తుంది. 2024 జులైలో హైడ్రా వచ్చాక, ఎఫ్‌టీఎల్, బఫర్ అన్న మాటలు డాలస్‌లో కూడా తెలిశాయి. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత ఎఫ్‌టీఎల్. పదిహెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్ల దాకా, చిన్నదైతే 9 మీటర్ల దాకా బఫర్. ఇందులో కట్టడానికి వీల్లేదు. "ఈ ప్లాట్ చెరువు గీతకి చాలా దూరం. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూసుకోండి. అయినా ఒకసారి గట్టి వాన పడ్డాక వెళ్లి రోడ్డు ఫోటో తీసి పంపుతాను, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోండి" అని రాశాను. వాన కోసం మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. ఏజెంట్లు నెలాఖరు గడువులు పెట్టేది ఇలాంటి వాన పడకముందే డబ్బు పడాలని. ఇది నా అభిప్రాయం మాత్రమే.

డబ్బు దగ్గరికి వద్దాం. ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే తెలిసీ తెలిసీ దెబ్బ తింటారు.

ప్లాట్ ధర 50 లక్షలు. అక్కడ ప్రభుత్వ విలువ గజం 9 వేలు అనుకోండి, 18 లక్షలు అవుతుంది. అమ్మే ఆయన అన్నాడు: "రిజిస్ట్రేషన్ 18కి చేద్దాం, మిగతా 32 క్యాష్ ఇవ్వండి. మీకు కూడా స్టాంపు డ్యూటీ మిగులుతుంది." నిజమే, మిగులుతుంది. ఖర్చులన్నీ కలిపి ఏడున్నర శాతం కాబట్టి, 32 లక్షల మీద 2 లక్షల 40 వేలు మిగులుతుంది. మెయిల్లో ఆ లెక్క రాశాను, కింద ఇంకో లెక్క కూడా రాశాను. రేపు ఈ ప్లాట్‌ని 80 లక్షలకి అమ్మితే, 50కి కొన్నట్టు కాగితం ఉంటే లాభం 30 లక్షలు. 18కి కొన్నట్టు ఉంటే లాభం 62 లక్షలు. రెండేళ్లు దాటాక అమ్మితే పన్ను ఇప్పుడు పన్నెండున్నర శాతం. ఆ తేడా 32 లక్షల మీద 4 లక్షలు అదనంగా కట్టాలి. ఈరోజు మిగిలింది రెండు లక్షల నలభై, రేపు పోయేది నాలుగు. పైగా, స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, అంతకుమించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత జరిమానా పడవచ్చు. విదేశంలో ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. అమ్మిన డబ్బు మళ్లీ డాలస్‌కి తీసుకెళ్లాలంటే, కొనడానికి డబ్బు ఏ దారిలో వచ్చిందో బ్యాంకు అడుగుతుంది. ఫేమా నిబంధనల ప్రకారం విదేశం నుంచి బ్యాంకు ద్వారా పంపింది, లేదా ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల్లోంచి ఇచ్చింది మాత్రమే చెల్లుతుంది. సంచిలో ఇచ్చిన 32 లక్షలకి ఏ బ్యాంకు కాగితమూ ఉండదు.

అమ్మే ఆయన ఒప్పుకోకపోతే వదిలేయండి, వేరే ప్లాట్ వెతుకుదాం అని రాశాను. ఆయన పదిరోజులు ఆలోచించి, మొత్తం చెక్కు మీద తీసుకోవడానికి ఒప్పుకున్నాడు, ధర మాత్రం కొంచెం పెంచాడు. ఆ పెంచినది ఎక్కువే అని నాకు అనిపించింది, వాళ్లకి చెప్పాను, వాళ్లు సరేనన్నారు.

50 లక్షలు, ఆ పైన ఉన్న స్థలానికి, కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని, అమ్మేవాడి పాన్ మీద కట్టాలి. అమ్మేవాడు ఇక్కడ నివాసం ఉంటేనే ఈ ఒక శాతం. ఆయన కూడా సిడ్నీలో ఉన్న ఎన్‌ఆర్‌ఐ అయితే ఒక శాతంతో సరిపోదు, చాలా ఎక్కువ పట్టాలి. పట్టకపోతే బాధ్యత కొన్నవాడిదే. అందుకే మెయిల్లో అమ్మే ఆయన ఎక్కడ ఉంటాడో, పాన్ చూశానో లేదో రాయడం నా అలవాటు.

ఇంకో జాగ్రత్త. విదేశాల్లో ఉన్న కుటుంబాల మెయిల్ ఖాతాల్లోకి దూరి, సరిగ్గా డబ్బు పంపే రోజున "బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాలో వేయండి" అని నకిలీ మెయిల్ పంపే దొంగలు ఉన్నారు. కన్సల్టెంట్ పేరే ఉంటుంది, చిరునామాలో ఒక అక్షరం తేడా. అందుకని ఈ జంటకి మొదటి మెయిల్లోనే రాశాను: "ఖాతా నంబరు మారిందని నేను ఎప్పుడూ మెయిల్ చేయను. వస్తే అది నాది కాదు. మీ నాన్నగారి దగ్గర ఉన్న నా నంబరుకి ఫోన్ చేసి, మాట విన్నాకే డబ్బు కదిలించండి. నా ఖాతాలోకి మాత్రం ప్లాట్ డబ్బు ఒక్క రూపాయి కూడా వేయకండి."

రిజిస్ట్రేషన్‌కి వాళ్లు రాలేకపోయారు. అమ్మేవాడితో పాటు కొనేవాళ్ల ఫోటోలు, వేలిముద్రలు కూడా దస్తావేజుకి కావాలి కాబట్టి, రాలేనివాళ్లు ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. ఇక్కడ చాలామంది, "అన్నీ మీరే చూసుకోండి" అని ఏజెంటు పేరు మీద జీపీఏ రాసి పంపేస్తారు. కొనే అధికారంతో పాటు అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం అందులో ఉంటాయి. ఇల్లు కట్టించమని తాళాలు ఇస్తూ ఖాళీ చెక్కుల మీద సంతకాలు కూడా పెట్టి ఇచ్చినట్టే. నేను రాసింది: "నా పేరు మీద ఇవ్వకండి. మీ నాన్నగారి పేరు మీద స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. అందులో ఈ ప్లాట్ నంబరు, హద్దులు, అమ్మే ఆయన పేరు, రిజిస్ట్రేషన్‌కి హాజరై సంతకం చేసే అధికారం, ఇవే ఉండాలి. అమ్మడం, తాకట్టు పెట్టడం, డబ్బు తీసుకోవడం అన్న మాటలు ఉండకూడదు." డాలస్‌లో నోటరీ చేయించి, అపోస్టిల్ వేయించి పంపారు. భారత కాన్సులేట్‌లో చేయించినా సరిపోతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు రాయబార కార్యాలయానికో, కాన్సులేట్‌కో వెళ్తే మంచిది. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో చేస్తారు. చాలామంది దాన్ని బీరువాలో పెట్టి ఆ గడువు దాటించేస్తారు.

మధ్యలో వాళ్లు ఇంకొకటి అడిగారు. చేవెళ్ల దాటాక ఫామ్ ప్లాట్లు అట, పది గుంటలు, మామిడి మొక్కలతో, గజం లెక్కన చాలా చవక. దానికి జవాబు ఒక్క వాక్యం చాలు: విదేశాల్లో ఉంటున్న భారతీయులు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి ఫేమా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. "నాన్న పేరు మీద కొంటే?" అన్నారు. కొనవచ్చు, అప్పుడు ఆ భూమి నాన్నగారిదే. ఆయన తర్వాత వీలునామా లేకపోతే, మీకూ మీ చెల్లెలికీ అమ్మగారికీ సమానంగా వస్తుంది. మీరు పంపిన డబ్బే కదా అన్న మాట అప్పుడు అన్నాచెల్లెళ్ల మధ్యకి వస్తుంది. అది చెప్పాల్సిన పనే నాకు లేదు కానీ, రాశాను.

ఫ్లాట్ కొనేవాళ్లకి ఒక మాట. "ప్రీ లాంచ్ ఆఫర్, సగం ధరకే, ముందే మొత్తం కడితే అవిభాజ్య వాటా రిజిస్ట్రేషన్ చేస్తాం" అన్న మెయిల్ వస్తే, రెరా నంబరు ఏది అని తిరిగి రాయండి. రెరాలో నమోదు కాకముందు ప్రాజెక్టు గురించి ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. నంబరు ఉన్న ప్రాజెక్టులో కూడా, అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా పది శాతానికి మించి అడగకూడదు. "త్వరలో వస్తుంది సర్" అన్నదే జవాబైతే ఆ ఉత్తరాలు అక్కడితో ఆపేయండి. ఇలా డబ్బు కట్టి ఏళ్ల తరబడి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు ఈ నగరంలో చాలా ఉన్నాయి.

నిజామాబాద్ మాస్టారు పోయిన దసరా ముందు వచ్చి రిజిస్ట్రేషన్ చేయించి వెళ్లారు. దస్తావేజు స్కాన్ పంపుతూ రాసిన చివరి మెయిల్లో నేను మూడే పనులు చెప్పాను. మున్సిపాలిటీలో ఖాళీ స్థలం పన్నుకి వాళ్ల పేరు ఎక్కించుకోవడం, నాలుగు మూలలా హద్దు రాళ్లు సిమెంటుతో పాతించి ఫెన్సింగ్ వేయించడం, ఏటా ఒకసారి ఆ ప్లాట్ ఈసీ తీసి చూసుకోవడం. మూడోది అందరూ మర్చిపోతారు. ఖాళీ స్థలాన్ని దొంగ కాగితాలతో ఇంకొకరికి రిజిస్టర్ చేస్తే, యజమానికి మొదట తెలిసేది ఆ ఈసీలోనే. ఊళ్లో స్థలం ఉన్నవాళ్లు, మీరు ఏ దేశంలో ఉన్నా సరే, ఈ ఏడాది తీశారో లేదో ఒకసారి చూసుకోండి. తీయకపోతే, ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకి సర్వే నంబరు రాసి పంపండి.